మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం

నేర దర్యాప్తు సాగుతుండగా బాధితురాలు గానీ సాక్షి గానీ జుడీషియల్ మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణం చేసి చెప్పగా, ఆ మేజిస్ట్రేటే రాయించి సంతకం చేసిన మాటను కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లు నేటికీ ‘164 స్టేట్‌మెంట్’ అనే అంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 164వ సెక్షన్ వల్ల ఆ పేరు వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి రావడంతో సెక్షన్ సంఖ్య 183 అయింది. అలవాటైన పేరు మాత్రం పోలేదు. ముద్దాయి నేరాంగీకారం కూడా ఇదే సెక్షన్ కింద నమోదవుతుంది గానీ, దాని నియమాలు వేరు, దాని చిక్కులు వేరు. ఈ వ్యాసంలో చెప్పేది బాధితుల, సాక్షుల వాంగ్మూలం గురించే.

ఈ వాంగ్మూలం చుట్టూ రెండు అపోహలు తిరుగుతుంటాయి. జడ్జిగారి ముందు చెప్పేశాం కాబట్టి కేసు నిలిచిపోయినట్టే అన్నది ఒకటి. పోలీసులు చెప్పించిందే కాబట్టి రేపు కోర్టులో మార్చి చెప్పినా ఏమీ కాదన్నది రెండోది. రెండూ తప్పే. ఈ కాగితం ఒక్కటే ఆధారంగా ఎవరికీ శిక్ష వేయరు. అయినా విచారణలో సాక్షి మాట నిలబెట్టడానికీ, మాట తప్పితే నిలదీయడానికీ ఇంతకు మించిన కాగితం ప్రాసిక్యూషన్ చేతిలో ఉండదు.

స్టేషన్ కాగితానికీ కోర్టు కాగితానికీ తేడా

కోనసీమలో వైనతేయ పాయ సముద్రంలో కలిసేచోట ఉన్న ఓడలరేవును తీసుకుందాం. ఊరు అల్లవరం మండలంలోది, పోలీసు స్టేషన్ అల్లవరంలో, కోర్టులు అమలాపురంలో. వివరణ కోసం అక్కడ ఒక కల్పిత కేసు అనుకుందాం. ఎండుచేపల పని చేసుకునే ఒక మహిళపై తెల్లవారుజామున పాకలో అత్యాచారం జరిగింది. ఆమె కేకలకు వలలు సర్దుకుంటున్న ఒక వేటగాడు వచ్చేసరికి నిందితుడు పాకలోంచి పరుగెత్తిపోతున్నాడు. ఆమె అదే రోజు అల్లవరం స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ నమోదైంది.

ముందుగా ఆమెను మహిళా పోలీసు అధికారి, వేటగాడిని దర్యాప్తు అధికారి విచారించి వాళ్లు చెప్పింది రాసుకుంటారు. దీన్ని పాత లెక్కలో 161 స్టేట్‌మెంట్ అంటారు, కొత్త చట్టంలో సెక్షన్ 180. దాని మీద సాక్షి సంతకం ఉండదు, పెట్టించకూడదు కూడా. ప్రమాణమూ ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, విచారణలో దాని వాడకం చాలా పరిమితం. సాక్షి కోర్టులో దానికి భిన్నంగా చెబితే ఆ తేడా చూపడానికి మాత్రమే పనికొస్తుంది. సాక్షి కోర్టులో నిజమే చెబుతున్నాడు, చూడండి, ఆ రోజు పోలీసులకూ ఇదే చెప్పాడు అని బలపరచడానికి వాడటానికి వీల్లేదు. పోలీసులు రాసుకున్న మాట మీద చట్టానికి ఉన్న అపనమ్మకం ఇంగ్లీషువాళ్ల కాలం నుంచీ వస్తున్నదే.

మేజిస్ట్రేటు రాసిన కాగితానికి ఈ సంకెళ్లు లేవు. అందులో సాక్షి సంతకం ఉంటుంది, ప్రమాణం ఉంటుంది. సాక్షి మాటను బలపరచడానికీ, తేడా చూపడానికీ రెంటికీ దాన్ని వాడుకోవచ్చు. కేరళకు చెందిన ఒక కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. ఇలా నమోదు చేయడంలో ఉద్దేశాలు రెండని కూడా వివరించింది. అబద్ధపు సాక్ష్యం కేసు పడుతుందన్న భయంతో సాక్షి మాట మార్చకుండా చూడటం ఒకటి. తర్వాత మాట మార్చినా, ప్రమాణం మీద చెప్పిన మాట నుంచి తప్పించుకుపోయే వీలు లేకుండా చేయడం మరొకటి.

అమలాపురం కోర్టులో ఆ గంట

సాక్షి తనంతట తాను మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి నా వాంగ్మూలం రాసుకోండి అనడానికి వీల్లేదు. ఒడిశాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. దర్యాప్తు అధికారి రిక్విజిషన్ ఇచ్చి తీసుకురావాలి. కొత్త చట్టం ప్రకారం ఎఫ్‌ఐఆర్ నమోదైన జిల్లాలోని ఏ మేజిస్ట్రేటైనా, ఆ కేసు విచారించే అధికారం తనకు లేకున్నా, వాంగ్మూలం నమోదు చేయవచ్చు.

లైంగిక నేరాల్లో ఇది పోలీసుల ఇష్టానికి వదిలేసిన పని కాదు. 2013 సవరణ చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. 2014లో శివన్న కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, నేరం సంగతి తెలిసిన 24 గంటల్లోపు బాధితురాలిని వీలైతే మహిళా మేజిస్ట్రేటు ఎదుటికి తీసుకెళ్లాలనీ, ఆలస్యమైతే కారణం కేసు డైరీలో రాయాలనీ ఆదేశించింది. కొత్త సంహిత మహిళా మేజిస్ట్రేటు సంగతిని చట్టంలోనే రాసింది: వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేటే, లేనప్పుడు పురుష మేజిస్ట్రేటు మరో మహిళ సమక్షంలో. పదేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలం కూడా మేజిస్ట్రేటు నమోదు చేసి తీరాలి. కాబట్టి మన కేసులో ఆమెతోపాటు ఆ వేటగాడి మాట కూడా కాగితానికెక్కుతుంది.

గదిలో జరిగేది ఇది. తీసుకొచ్చిన కానిస్టేబుల్ సాక్షిని గుర్తించి చూపి బయటికి వెళ్లిపోతాడు. పోలీసులు కనబడేంత దూరంలో, వినబడేంత దూరంలో ఉండకుండా చూడటం మంచి మేజిస్ట్రేటు చేసే మొదటి పని. తాను మేజిస్ట్రేటునని, పోలీసును కాదని చెప్పి, ఎవరైనా బెదిరించారా, ఇలా చెప్పమని నేర్పారా అని అడిగి, జవాబులు రాస్తారు. తర్వాత ప్రమాణం. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిజం చెప్పాలన్న సంగతి తెలిసినా ప్రమాణం అంటే ఏమిటో అర్థం కాకపోతే, ప్రమాణం లేకుండానే వాంగ్మూలం తీసుకోవచ్చు. పోక్సో కేసుల్లో పిల్లలు చెప్పినట్టే రాయాలి, తల్లిదండ్రులో, పిల్లలకు నమ్మకమున్న మరొకరో పక్కన ఉండాలి.

ఇక చెప్పడం మొదలవుతుంది. నాకు తోచినంతలో ఈ ప్రక్రియలో అసలు నాణ్యత తేలేది ఇక్కడే. ఓడలరేవు మనిషి టైము ‘అయిదుంపావు’ అని చెప్పకపోవచ్చు. ‘పోటు ఎక్కుతోంది, ఇంకా వెలుగు రాలేదు’ అంటుంది. తేదీ గుర్తులేకపోతే ‘వేట బందు అయిపోయిన వారానికి’ అంటుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కాబట్టి, ఆ మాటను తేదీగా మార్చుకోవడం ఎవరికీ కష్టం కాదు. కానీ మేజిస్ట్రేటు ఆ మాటను చెప్పినట్టుగా రాయకుండా ‘సుమారు ఉదయం 5.15 గంటలకు’ అని రాయించారనుకోండి. ఏడాది తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్సు వకీలు, నీకు గడియారం చూడటం వచ్చా, మరి అయిదుంపావు అని ఎలా చెప్పావు, ఎవరు నేర్పారు అంటాడు. ఆమె దగ్గర జవాబుండదు. అది ఆమె మాట కాదు కాబట్టి. పోలీసు భాషలో ‘సదరు ముద్దాయి నన్ను బలవంతంగా’ అంటూ సాగే వాంగ్మూలం ఎక్కడ కనబడ్డా అనుమానించవలసిందే. స్టేషన్లో రాసిన కాగితాన్ని ముందుపెట్టుకుని తిరగరాసిన ఛాయలు అక్కడే దొరుకుతాయి.

చెప్పడం అయ్యాక చదివి వినిపిస్తారు. తప్పులుంటే దిద్దుతారు. సాక్షి సంతకం గానీ వేలిముద్ర గానీ, కింద మేజిస్ట్రేటు సంతకం. శివన్న తీర్పు ప్రకారం ఒక ప్రతి దర్యాప్తు అధికారికి వెంటనే ఇస్తారు గానీ, చార్జిషీటు దాఖలయ్యేదాకా అందులోని సంగతులు ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీద. ముద్దాయికి ప్రతి ఎప్పుడు దక్కుతుందన్నది ఉత్తరప్రదేశ్ కేసు ఒకదానిలో 2020లో తేలింది. కోర్టు కేసును విచారణకు స్వీకరించే దశకు ముందు అడగడానికి అతనికి హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో పెద్దమనుషులు ఆమె మీద ఒత్తిడి తెచ్చేది ఆ మధ్యకాలంలోనే కాబట్టి ఈ గోప్యతకు చాలా విలువ ఉంది.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది

విచారణ సెషన్స్ కోర్టులో మొదలైంది. ఆమె సాక్షి బోనెక్కి తనకు జరిగింది చెప్పింది. అప్పుడు ప్రాసిక్యూటర్ ఆ వాంగ్మూలాన్ని ఎగ్జిబిటుగా మార్క్ చేయించి, ఘటన జరిగిన మర్నాడే, ముద్దాయి ఎవరో ఏమిటో తెలియని ఒక న్యాయాధికారి ఎదుట ఆమె ఇదే చెప్పిందని చూపగలడు. కోర్టులో ఆమె చెప్పిన మాటకు ఇది ఊతం.

దీనికి మేజిస్ట్రేటు వచ్చి సాక్ష్యం చెప్పాలా? ఒకప్పుడు మన సెషన్స్ కోర్టుల్లో అలవాటుగా మేజిస్ట్రేట్లకు సమన్లు పంపి, అవును, నేనే రాశాను అని చెప్పించేవారు. గురువిందపల్లి అన్నారావు కేసులో 2003లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ అలవాటుకు అడ్డుకట్ట వేసింది. మేజిస్ట్రేటు తన విధి నిర్వహణలో నమోదు చేసిన వాంగ్మూలం పబ్లిక్ డాక్యుమెంటనీ, దానికి విడిగా రుజువు అక్కర్లేదనీ, సాక్ష్య చట్టమే దాని నిజాయతీని ముందుగా భావిస్తుందనీ చెప్పింది. ఆ భావన పాత సాక్ష్య చట్టం 80వ సెక్షన్‌లో ఉండేది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 79లో ఉంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, బదిలీపై ఎక్కడికో వెళ్లిన మేజిస్ట్రేటు కోసం విచారణలు ఆగిన రోజులు చూసినవాళ్లకు దీని విలువ తెలుసు.

ఇంత బలమున్నా అది మూల సాక్ష్యం కాదు. కారణం తేలికే. ఆ గదిలో ముద్దాయి లేడు, అతని వకీలు ఆమెను క్రాస్ చేయలేదు. ఎదుటివాడు ప్రశ్నించే అవకాశం లేకుండా చెప్పిన మాట మీద శిక్ష వేయకూడదన్నది మన న్యాయపద్ధతికి పునాది. బిహార్‌కు చెందిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ వాంగ్మూలం మూల సాక్ష్యం కాదని మరోసారి గుర్తుచేసింది.

సాక్షి అడ్డం తిరిగితే

ఇప్పుడు వేటగాడి వంతు. ఈలోగా ఊళ్లో పెద్దల్లో పెట్టారు. కేసు రాజీకి వీల్లేని నేరమైనా, సాక్షిని రాజీ చేయడానికి వీలుంటుంది. అతను బోనెక్కి, నేను ఎవరినీ చూడలేదు, ఆ రోజు ఊళ్లోనే లేను అన్నాడు. ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో తన సాక్షినే తాను క్రాస్ చేస్తూ కాగితం చూపాడు: ఈ సంతకం నీదేనా? నాదే. మేజిస్ట్రేటుగారు చదివి వినిపించారా? వినిపించారు. మరి? పోలీసులు చెప్పమన్నట్టు చెప్పానండీ. ఈ చివరి జవాబు తెలుగునాట ఏ సెషన్స్ కోర్టులోనైనా వినబడేదే.

అప్పుడు కోర్టు వాంగ్మూలంలోని మాటను నిజమని తీసుకుని ముద్దాయి పరుగెత్తడం రుజువైనట్టు రాయలేదు. చేయగలిగింది ఆ సాక్షి మాటను పక్కనపెట్టడం, లేదా అందులో నమ్మదగిన భాగమేదైనా ఉంటే తీసుకోవడం. కేసు ఇక ఆమె సాక్ష్యం మీద, వైద్య నివేదిక మీద, డీఎన్ఏ ఫలితం మీద నిలబడాలి. ఆమె మాట నమ్మదగినదైతే అదొక్కటే చాలు, మరో సాక్షి తోడు రావాలన్న నియమం లేదు. కానీ బాధితురాలే అడ్డం తిరిగితే, వైద్య, ఫోరెన్సిక్ ఆధారాలు లేకపోతే, మేజిస్ట్రేటు కాగితం ఎంత గట్టిగా ఉన్నా కేసు కూలుతుంది.

అడ్డం తిరిగినవాడి సంగతేమిటి? క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దీనికి ఒక దృష్టాంతాన్నే చట్టంలో పెట్టింది. మేజిస్ట్రేటు ముందు ‘ఫలానావాడు కర్రతో కొట్టడం చూశాను’ అని ప్రమాణం చేసి చెప్పి, సెషన్స్ కోర్టులో ‘కొట్టలేదు’ అని ప్రమాణం చేసినవాడిపై, రెండింటిలో ఏది అబద్ధమో రుజువు చేయలేకపోయినా, అబద్ధపు సాక్ష్యం నేరం మోపి శిక్షించవచ్చు. ప్రమాణం అనే చిన్న తంతుకు అంత పదును ఉంది. ఆచరణలో ఈ పదును చాలా అరుదుగా వాడతారు. ప్రాసిక్యూట్ చేయడం న్యాయప్రయోజనానికి అవసరమని కోర్టు తేల్చాలి, దానికి వేరే ప్రక్రియ ఉంది, అప్పటికే నిండిన కాజ్‌లిస్టు ఉంది. బెదిరింపుకు లొంగిన పేద సాక్షిని జైలుకు పంపడానికి చాలామంది జడ్జీలకు మనసొప్పదు. ఆ మెతకదనాన్ని తప్పుపట్టలేం గానీ, బెదిరించినవాళ్లను వదిలేయడం మాత్రం అన్యాయమే. పిల్లలకైతే, తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో శిక్ష ఉండదని పోక్సో చట్టం ముందే చెప్పింది.

ఇక్కడ ఒక పాత అనుమానం కూడా ఉంది. మేజిస్ట్రేటు ముందు చెప్పించారంటేనే, సాక్షి నిలబడతాడన్న నమ్మకం పోలీసులకు లేదనీ, అతన్ని కట్టిపడేశారనీ కొందరు జడ్జీలు వెనకటికి భావించేవారు. 1968లో ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని సరిదిద్దింది. వాంగ్మూలం తీసుకున్నారన్న కారణంగానే సాక్షిని తోసిపుచ్చకూడదు, జాగ్రత్తగా పరిశీలించాలి, అంతే. లైంగిక నేరాల్లో వాంగ్మూలం తప్పనిసరి అయ్యాక ఆ అనుమానానికి తావే లేకుండా పోయింది. చట్టమే కోరినదాన్ని పోలీసుల కుయుక్తి అనలేం కదా.

అనుమానం మిగిలేది ఆలస్యంలో. ఘటన జరిగిన మర్నాడు ఇచ్చిన వాంగ్మూలానికీ, నెలన్నర తర్వాత ఇచ్చినదానికీ ఒకే బరువు ఉండదు. ఆ నెలన్నరలో ఏం జరిగిందో దర్యాప్తు అధికారి చెప్పలేకపోతే, డిఫెన్సు ఆ ఖాళీని తన కథతో నింపుకుంటుంది.

ప్రాణం పోయినప్పుడు

సాక్షి విచారణకు ముందే చనిపోతే? ఓడలరేవు లాంటి ఊరిలో ఇది ఊహకు అందని విషయం కాదు, వేటకెళ్లిన పడవలన్నీ తిరిగి రావు. ఆ వేటగాడు సముద్రంలో పోతే అతని వాంగ్మూలం మామూలుగా ఎందుకూ పనికిరాకుండా పోతుంది. చనిపోయినవాడి మాటను సాక్ష్యంగా తీసుకోవడానికి ముఖ్యమైన దారి మరణ వాంగ్మూలం. అది అతని సొంత చావుకు కారణమైన సంగతుల గురించి అయి ఉండాలి. పాత విచారణలో చెప్పిన మాటను వాడాలంటే, అప్పుడు ముద్దాయికి క్రాస్ చేసే హక్కు, అవకాశం ఉండి ఉండాలి. మేజిస్ట్రేటు గదిలో ఆ రెండూ లేవు.

అదే మాట బాధితురాలి సొంత చావు గురించి అయితే కాగితం తీరే మారిపోతుంది. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న మనిషి దగ్గరికి మేజిస్ట్రేటు వచ్చి రాసుకున్న మాట, ఆమె చనిపోతే మరణ వాంగ్మూలంగా మూల సాక్ష్యమవుతుంది. నమ్మదగినదైతే దాని మీదే శిక్ష వేయవచ్చు. ఆమె బతికితే అదే కాగితం మళ్లీ 164 స్థాయికి దిగి, కోర్టులో ఆమె చెప్పే మాటకు ఊతంగా మిగులుతుంది. మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో 1999లో సుప్రీంకోర్టు ఇలాగే నిర్ణయించింది.

ఈ కోవలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పాపరంబాక రోశమ్మ కేసు చెప్పుకోదగ్గది. తీవ్రంగా కాలిపోయిన ఒక యువతి మాటను మేజిస్ట్రేటు నమోదు చేశారు. డాక్టరు రోగి స్పృహలో ఉందని రాసిచ్చారు. స్పృహలో ఉండటం వేరు, మాట్లాడగల మానసిక స్థితిలో ఉండటం వేరు, ఆ రెండో మాట డాక్టరు రాయలేదు కాబట్టి వాంగ్మూలాన్ని నమ్మలేమని 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మూడేళ్లకు, 2002లో లక్ష్మణ్ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పు సరికాదని తేల్చింది. రోగి స్థితి గురించి మేజిస్ట్రేటే తృప్తిపడితే, ఆ తృప్తికి ఆధారం కనిపిస్తే, డాక్టరు సర్టిఫికెట్ లేకపోవడం ఒక్కటే కారణంగా కాగితాన్ని పారేయకూడదు. ఆంధ్రప్రదేశ్ క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ అప్పటికే ఇదే బాటలో ఉన్నాయి. మేజిస్ట్రేటు తానెవరో చెప్పి, చిన్న చిన్న ప్రశ్నలు వేసి, జవాబులనూ సైగలనూ రాసి, మనిషి స్థితిపై తన అభిప్రాయం నమోదు చేయాలి. డాక్టరు సర్టిఫికెట్ వీలైనప్పుడు తీసుకోవాలి.

జీవించి ఉన్న సాక్షి వాంగ్మూలం మూల సాక్ష్యం స్థాయికి దగ్గరగా వచ్చేది ఒక్క సందర్భంలోనే. తాత్కాలికంగానో శాశ్వతంగానో శారీరక, మానసిక వైకల్యమున్న బాధితురాలి వాంగ్మూలాన్ని దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సాయంతో, వీడియో తీస్తూ నమోదు చేస్తే, అదే కోర్టులో చీఫ్ ఎగ్జామినేషన్ కింద లెక్క. ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు, క్రాస్ మాత్రం జరుగుతుంది. ఇంగ్లండులో పిల్లల విషయంలో పోలీసుల వీడియో ఇంటర్వ్యూనే ఇలా చీఫ్‌గా చూపుతారు. మన చట్టం ఆ వెసులుబాటును వైకల్యమున్నవారికే ఇచ్చి, మిగతా పిల్లలను కోర్టులో మరోసారి చెప్పమంటోంది. ఆ గీత అక్కడే ఎందుకు గీశారో సమర్థించడం కష్టం.

మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవలసి వచ్చినవాళ్లు ఒక్క సంగతి మరవకూడదు. చదివి వినిపించమని అడగండి, మీరు అనని మాట అందులో ఉంటే దిద్దించండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఏడాదో రెండేళ్లో గడిచాక బోనులో మీ చేతికి ఇచ్చి ప్రశ్నలు వేసేది ఆ కాగితం మీదే.